ప్రసంగమా, ఉపన్యాసమా? మంచి సమరయుడి కథతో ఒక పోలిక

సంఘంలో మాట్లాడమని ఎవరైనా అడగగానే మనకు పట్టుకునే మొదటి టెన్షన్, ఏ వాక్యభాగం తీసుకోవాలా అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉందని నేను గట్టిగా నమ్ముతాను. మనం చేయబోయేది ప్రసంగమా, ఉపన్యాసమా? ఆదివారం ఆరాధనలో చెప్పే వాక్యాన్ని ఇక్కడ ప్రసంగం అంటున్నాను. బైబిలు కాలేజీ తరగతిలోనో, సెమినార్‌లోనో, శనివారం సాయంత్రం స్టడీలోనో చెప్పేదాన్ని ఉపన్యాసం అంటున్నాను. రెండింటిలోనూ ఒకరు నిలబడి మాట్లాడతారు, మిగతావాళ్లు కూర్చుని వింటారు, అందరి చేతుల్లోనూ అదే బైబిలు. అందుకే ఒకటి చేయాల్సినచోట రెండోది చేసేసినా చాలాసార్లు ఎవరికీ తెలియదు. తేడా విన్నవాళ్లలో బయటపడుతుంది, అదీ కొంతకాలం గడిచాక.

తేడా ఎక్కడుందంటే, ఉపన్యాసంలో విషయం అందరి ముందూ టేబుల్ మీద పరిచి ఉంటుంది. చెప్పేవాడూ వినేవాడూ ఇద్దరూ దాన్నే చూస్తారు. ఈ ఆధారం నిలుస్తుందా, ఈ వాదన సరిపోతుందా అని వినేవాడు తూకం వేస్తాడు. ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, చెయ్యెత్తి అడగొచ్చు. ప్రసంగంలో ఆ టేబుల్ మీదికి వచ్చేది వినేవాడి జీవితమే. వాక్యం అతన్ని ప్రశ్న అడుగుతుంది. అతను ఇవ్వాల్సిన జవాబు ఇంటికెళ్లాక చేసే పనిలో ఉంటుంది. అందుకే ప్రసంగం మధ్యలో ఎవరూ లేచి సందేహం అడగరు. ఇది మన చర్చిలకే పరిమితం కాదు. శుక్రవారం మసీదులో ఖుత్బా జరుగుతున్నంతసేపు కూడా మౌనంగా వినాలనే నియమం ఉంది.

ఒకే వాక్యభాగాన్ని రెండు రకాలుగా సిద్ధం చేసి చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. లూకా 10వ అధ్యాయం, 25 నుంచి 37 వచనాలు, మంచి సమరయుడి కథ తీసుకుందాం. యెరూషలేము నుంచి యెరికోకు వెళ్లే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి ఒక యాజకుడు, ఒక లేవీయుడు పక్కనుంచి పోయారు, ఒక సమరయుడు ఆగి ఆదుకున్నాడు. నా పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకుడికి యేసు చెప్పిన కథ ఇది. చేతిలో అరగంట ఉందనుకుందాం.

ఉపన్యాసంగా చెబితే

ఉపన్యాసం ఒక ప్రశ్నతో మొదలవ్వాలి, అది నిజంగా తేలాల్సిన ప్రశ్న అయ్యుండాలి. ఈ కథలో అలాంటిది, యేసు సమరయుణ్ణే ఎందుకు ఎంచుకున్నాడు అన్నది. దీనికి జవాబు చెప్పాలంటే యూదులకూ సమరయులకూ మధ్య ఏం జరిగిందో చెప్పాలి. సమరయులకు గెరిజీము కొండ మీద సొంత ఆలయం ఉండేది. క్రీ.పూ. 2వ శతాబ్దం చివర్లో యూదుల పాలకుడు యోహాను హిర్కానస్ దాన్ని పడగొట్టించాడు. యోహాను సువార్త 4వ అధ్యాయంలో సమరయ స్త్రీ, ఈ కొండ మీద ఆరాధించాలా యెరూషలేములోనా అన్న వివాదం ఎత్తిందంటే దాని వెనక ఈ గాయం ఉంది. ఇంకా దగ్గరి ఆధారం లూకా 9వ అధ్యాయంలోనే కనిపిస్తుంది. ఒక సమరయ గ్రామం యేసును చేర్చుకోలేదు. ఆకాశం నుంచి అగ్ని రప్పించమంటారా అని యాకోబు, యోహాను అడిగారు. ఆ మాట చల్లారకముందే, తర్వాతి అధ్యాయంలో ఒక సమరయుడు కథానాయకుడిగా వస్తున్నాడు. ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే వినేవాళ్లకు కథ బరువు అర్థమవుతుంది.

తర్వాత దారి గురించి. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంటే, యెరికో సముద్రమట్టానికి సుమారు 250 మీటర్ల దిగువన ఉంది. సుమారు 25 కిలోమీటర్ల ప్రయాణంలో కిలోమీటరు లోతుకి దిగాలి. కొండల మధ్య ఎడారి దారి కాబట్టి దొంగలకు అనువైన చోటు. ఒక మ్యాప్ చూపిస్తే ఇది రెండు నిమిషాల పని.

అసలు సమయం ఇవ్వాల్సింది యాజకుడి దగ్గర. అతను ఎందుకు పక్కనుంచి పోయాడు? మన దగ్గర తరచుగా వినిపించే జవాబు, శవాన్ని ముట్టుకుంటే మైలపడతాడని, దేవాలయ సేవకు పనికిరాకుండా పోతాడని. లేవీయకాండం 21వ అధ్యాయంలో యాజకులకు అలాంటి నియమం ఉన్నమాట నిజమే. కానీ ఉపన్యాసకుడు ఇక్కడితో ఆగకూడదు, అవతలి పక్షం కూడా చెప్పాలి. గ్రీకు మూలంలో యాజకుడు ఆ దారిన దిగి వెళ్తున్నాడని ఉంది. అంటే యెరూషలేము నుంచి దూరంగా పోతున్నాడు, సేవకు వెళ్లడం లేదు. పడి ఉన్నవాడు కొనప్రాణంతో ఉన్నాడని కథే చెబుతోంది. పైగా యూదుల మౌఖిక ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో, దిక్కులేకుండా పడి ఉన్న శవం కనబడితే ప్రధాన యాజకుడైనా దాన్ని పూడ్చడానికి మైలపడాల్సిందేనని ఉంది. మిష్నా గ్రంథరూపం పొందింది యేసు తర్వాత చాలా కాలానికి కాబట్టి దాన్ని నేరుగా ఈ యాజకుడికి అంటగట్టలేం. అయినా, ధర్మశాస్త్రమే అతన్ని ఆపింది అని ధీమాగా చెప్పడానికి ఇక వీల్లేదు. లూకా కారణమేమీ రాయలేదు. ఉపన్యాసకుడు ఈ పక్షాలు ముందు పెట్టి, తను ఎటు మొగ్గుతాడో చెప్పి, పది నిమిషాలు ప్రశ్నలకు వదిలేయాలి.

ఇది బాగా జరిగితే విన్నవాడు మెరుగైన పాఠకుడు అవుతాడు. మరుసటిసారి ఎవరైనా వేదిక మీదనుంచి యూదుల ఆచారాన్ని తేలిగ్గా తీసిపారేస్తే, అలా ఎక్కడ రాసుంది అని అడగగలుగుతాడు. తోటి మనుషుల మతం గురించి అబద్ధం నమ్మకుండా ఉండటం చిన్న విషయమేమీ కాదు. ఈ పని ప్రసంగం చేయలేదు. ఎందుకంటే ప్రసంగంలో రెండు పక్షాలూ విప్పి చూపించే తీరిక ఉండదు, ఎదురు అడిగే వీలూ ఉండదు.

ప్రసంగంగా చెబితే

ప్రసంగం సిద్ధం చేసేటప్పుడు పైన చెప్పినదంతా చదవాలి, చదివి చాలావరకు పక్కన పెట్టేయాలి. చాలామందికి ఇదే కష్టం. కష్టపడి సేకరించిన హిర్కానస్ సంగతి వదులుకోవాలంటే ప్రాణం ఒప్పదు. కానీ ఆ పేరు వినబడగానే వెనక బల్లల మీదివాళ్లు నోట్‌బుక్ తీస్తారు. ఇక అప్పటినుంచి వాళ్లు రాసుకునేవాళ్లే, వాక్యం ముందు నిలబడ్డవాళ్లు కారు.

ప్రసంగానికి కావాల్సింది, ఈ కథలో ఈ ఊరి సంఘం ఎక్కడ నిలబడి ఉందో కనిపెట్టడం. ఇక్కడ యేసు చేసిన మలుపును జాగ్రత్తగా చూడాలి. ధర్మశాస్త్రోపదేశకుడు అడిగింది నా పొరుగువాడెవడని. అంటే, ఎంతవరకు ప్రేమిస్తే చాలు, గీత ఎక్కడ గీయాలి అని. కథ చివర్లో యేసు ఆ ప్రశ్నను తిప్పేశాడు. దొంగల చేతిలో చిక్కినవాడికి ఈ ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడు అన్నాడు. గీత గీయడానికి వచ్చినవాణ్ణి గీత దాటినవాడి పక్కన నిలబెట్టాడు. అప్పుడు ఉపదేశకుడు ఇచ్చిన జవాబు చూడండి, అతని మీద జాలిపడినవాడే అన్నాడు. సమరయుడు అన్న మాట అతని నోట రాలేదు.

నేనైతే ప్రసంగమంతా ఆ రాని మాట మీదే కడతాను. మన నోట రాని పేరు ఏది? ఒకే ఊళ్లో మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి ఉన్నచోట, రెండింటిలోనూ ఇదే కథ ఆదివారం చదువుతారు. అవతలి పల్లెవాడు మన ఇంట్లో జ్వరం వచ్చినప్పుడు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే, ఆ సంగతి సాక్ష్యంలో అతని పేరు పెట్టి చెప్పామా, లేక ఎవరో ఒకరు సాయం చేశారు అన్నామా? ఇలా అడిగినప్పుడు చర్చిలో కాసేపు ఎవరూ కదలరు. అక్కడ నుంచి ప్రసంగం ఒకే ఒక్క పనికి దిగాలి. యేసు కూడా అలాగే ముగించాడు: "నీవును వెళ్లి ఆలాగు చేయుము."

ఈ ప్రసంగంలో యెరికో దారి లోతు రాదు, మిష్నా రాదు. సమరయులంటే యూదులకు పడదన్న సంగతి రెండు వాక్యాల్లో వస్తుంది, అంతే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆ రెండు వాక్యాలు నిజమై ఉండాలి. ప్రసంగంలో తప్పు చెబితే సరిదిద్దే చెయ్యి అక్కడ ఎత్తరు. అది అలాగే ఇళ్లకు పోతుంది, సండే స్కూలు పిల్లలదాకా పోతుంది. ఉపన్యాసానికి ఎంత చదువుతారో ప్రసంగానికీ అంతే చదవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అగస్టీను వేసిన లెక్క

ఏది ఎప్పుడు అన్న ప్రశ్నకు నాకు తెలిసి అన్నిటికంటే పనికొచ్చే జవాబు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణ బిషప్ అగస్టీను ఇచ్చాడు. బిషప్ కాకముందు ఆయన ఉద్యోగం వక్తృత్వం నేర్పడం. కాబట్టి మాట ఎలా పనిచేస్తుందో ఆయనకు రెండు వైపులా తెలుసు. రోమన్ వక్త సిసెరో మాటను ఆధారం చేసుకుని, మాట్లాడేవాడు బోధించాలి, ఆకట్టుకోవాలి, కదిలించాలి అని చెప్పాడు. అసలు కీలకం ఆ తర్వాత చెప్పిందే. వినేవాళ్లకు విషయం తెలియకపోతే ముందు బోధించాలి, తెలిశాక కొందరు వాళ్లంతట వాళ్లే మారొచ్చు. తెలిసి కూడా చేయనివాళ్ల దగ్గర మాత్రం ఇంకా బోధించి లాభం లేదు, కదిలించాలి.

ఆయన తన అనుభవం కూడా రాశాడు. ఇప్పుడు అల్జీరియాలో ఉన్న కైసరయ పట్టణంలో ఏటా ఒక సీజన్‌లో ఊరివాళ్లు రెండు పక్షాలుగా చీలి కొన్ని రోజులపాటు రాళ్లతో కొట్టుకునేవారు. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు కూడా ఎదురెదురుగా నిలబడేవారు, ప్రాణాలు పోయేవి. తాతల నాటి నుంచి వస్తున్న ఆచారం. అది చెడ్డదని వాళ్లకు తెలియక కాదు. అగస్టీను దాని గురించి ప్రసంగించాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు విన్నప్పుడు పని అయిందనుకోలేదు, వాళ్లకు అర్థమైంది, నచ్చింది అంతే అనుకున్నానని రాశాడు. తర్వాత కన్నీళ్లు కనిపించాయి. అప్పుడే మారబోతున్నారని ఆశ పుట్టింది. ఆ సంగతి రాసేనాటికి ఎనిమిదేళ్లో అంతకంటే ఎక్కువో గడిచాయి, మళ్లీ అలాంటి కొట్లాట జరగలేదు.

మన కూటాల్లో కన్నీళ్లకు కొదవ లేదు. అందుకే నేను కన్నీళ్ల కంటే ఆ ఎనిమిదేళ్లనే ఎక్కువ పట్టించుకుంటాను. ఉపన్యాసం ఫలించిందో లేదో అదే సాయంత్రం నాలుగు ప్రశ్నలడిగి తెలుసుకోవచ్చు. ప్రసంగం ఫలించిందో లేదో తెలియాలంటే ఆ ఊరిని చాలాకాలం చూస్తూ ఉండాలి.

ప్రిన్స్‌టన్‌లో జరిగిన పరీక్ష

మంచి సమరయుడి కథకే సంబంధించిన ఒక ప్రయోగం ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని 1973లో ప్రచురించారు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ థియొలాజికల్ సెమినరీ విద్యార్థులు 40 మందితో చేసిన పరీక్ష ఇది. ఒక్కొక్కరినీ చిన్న ప్రసంగం సిద్ధం చేసుకుని పక్క భవనానికి వెళ్లి చెప్పమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం మంచి సమరయుడి కథే. మిగతావాళ్లకు సెమినరీ చదివినవాళ్లకు దొరికే ఉద్యోగాల గురించి. దారిలో ఒక మనిషి తలవాల్చుకుని, దగ్గుతూ మూలుగుతూ పడి ఉండేలా ఏర్పాటు చేశారు. కొందరితో ఇప్పటికే ఆలస్యమైంది, వెంటనే వెళ్లండి అన్నారు. కొందరికి కొద్దిపాటి తొందర పెట్టారు. ఇంకొందరితో టైముంది, మెల్లగా వెళ్లండి అన్నారు.

తొందర లేనివాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక రకంగా సాయం చేశారు. కొద్దిగా తొందరలో ఉన్నవాళ్లలో 45 శాతం. బాగా తొందరలో ఉన్నవాళ్లలో 10 శాతం. సమరయుడి కథ సిద్ధం చేసుకున్నవాళ్లు కాస్త ఎక్కువగానే ఆగినా, ఆ తేడా లెక్కలోకి తీసుకునేంత గట్టిది కాదని శాస్త్రవేత్తలు తేల్చారు. సమరయుడి కథ చెప్పడానికి వెళ్తూ పడి ఉన్న మనిషిని దాటుకుని పోయినవాళ్లు కూడా ఉన్నారని రాశారు.

దీన్ని పట్టుకుని ప్రసంగాలు దండగ అనేస్తే అది తప్పు. ఆ విద్యార్థులు ఎవరి ప్రసంగమూ వినలేదు, తామే చెప్పడానికి సిద్ధమయ్యారు, అదీ తక్కువ సమయంలో. పైగా అది చిన్న గుంపు. కానీ మాట్లాడేవాళ్లకు ఇందులో ఒక గట్టి పాఠం ఉంది. కథ తల్లో ఉన్నంత మాత్రాన కాళ్లు ఆగవు. ఆపాల్సింది దేన్నో ప్రసంగం పేరు పెట్టి చెప్పాలి. పొరుగువాణ్ణి ప్రేమించండి అంటే అందరూ ఆమెన్ అంటారు. సోమవారం ఉదయం ఆఫీసుకు ఆలస్యమై బండి మీద వెళ్తున్నప్పుడు, రోడ్డు పక్కన జనం గుమిగూడి ఉంటే మీరేం చేస్తారు అని అడిగితే, అక్కడ అడ్డొచ్చే తొందర కూడా ప్రసంగంలోకి వచ్చేసినట్టే. అన్వయం అంటే సమయం, చోటు, అడ్డంకి మూడూ వినబడాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా అది సగం ఉపన్యాసమే.

తారుమారైతే ఎలా తెలుస్తుంది

ప్రసంగం బదులు ఉపన్యాసం చేసేశామని గుమ్మం దగ్గరే తెలుస్తుంది. చాలా లోతైన వాక్యం అయ్యగారూ, ఎన్ని కొత్త విషయాలు చెప్పారండీ అంటూ చేతులు కలుపుతారు. పొగడ్తే, కానీ అందులో వాళ్ల గురించి ఒక్క మాట ఉండదు. ఏళ్ల తరబడి ఇదే జరిగితే సంఘంలో పరిశీలకులు తయారవుతారు. ఎవరు బాగా చెబుతారు, ఎవరు మూలభాష వాడతారు, ఎవరు వాడరు అని మార్కులు వేస్తారు. వాక్యం వాళ్లను అడగాల్సిన ప్రశ్న ఎప్పటికీ వాళ్లదాకా రాదు.

ఉపన్యాసం బదులు ప్రసంగం చేసేస్తే గుర్తు వేరుగా ఉంటుంది. ప్రశ్నలకు సమయం ఇచ్చినా ఎవరూ అడగరు. గొంతు పెంచి, కదిలించి, ప్రార్థనతో ముగించిన తర్వాత యాజకుడి గురించి మీరన్నది ఎక్కడుందండీ అని అడిగితే అది అవిశ్వాసంలా కనిపిస్తుందని యూత్‌కు భయం. ఇలా పెరిగిన పిల్లలు కాలేజీకి వెళ్లాక మొదటి గట్టి ప్రశ్న ఎదురైనప్పుడు ఇంటివైపు తిరిగి అడగరు. అడగడం నేర్పలేదు కదా. నా అభిప్రాయంలో మన సంఘాల్లో ఈ రెండో నష్టమే ఎక్కువ.

ఫోన్లో వినడం గురించి ఒక మాట. ఉపన్యాసం యూట్యూబ్‌లో విన్నా పెద్దగా నష్టం లేదు, ఆపి మళ్లీ వినొచ్చు కాబట్టి కొంత లాభం కూడా. ప్రసంగం అలా కాదు. అది ఈ ఊరి గొడవలు, ఈ ఇంటి సంగతులు తెలిసినవాడు చెప్పాల్సింది. ముఖం తెలియని వక్త చెప్పేది ఎంత గొప్పగా ఉన్నా, నచ్చనిచోట వేలితో ముందుకు జరిపేస్తాం. సరిగ్గా మనకు కావాల్సిన వాక్యం అక్కడే ఉండొచ్చు.

మరి మీరు ఏది ఎంచుకోవాలి

మాట్లాడేముందు వారంలో సంఘంలోని నలుగురైదుగురిని ఆ వాక్యభాగం గురించి అడగండి. సమరయుడంటే ఎవరమ్మా అంటే, మంచోడు అని మాత్రమే చెబితే వాళ్లకు కథలోని దెబ్బ తెలియదు. అక్కడ ముందు ఉపన్యాసం కావాలి. కథంతా గడగడా చెప్పి, మన ఊళ్లో సమరయుడు ఎవరు అన్నప్పుడు మాట మార్చేస్తే అక్కడ ప్రసంగం కావాలి.

అరగంటలో రెండూ కలిపి చేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. బాగా అనుభవం ఉన్నవాళ్లు వచనం వెంట వచనం వివరిస్తూ అన్వయంలోకి దిగగలరు. మనలో ఎక్కువమంది చేసేదేమిటంటే, ఇరవై ఐదు నిమిషాలు నేపథ్యం చెప్పి, చివరి ఐదు నిమిషాల్లో కాబట్టి మనం కూడా సమరయుడిలా ఉండాలి అని ముగించడం. వినేవాడు అప్పటికి తూకం వేసే అలవాటులో ఉంటాడు, ఆ ఐదు నిమిషాలనూ తూకమే వేస్తాడు. రెండూ కావాలంటే రెండు రోజులు పెట్టుకోండి. శనివారం సాయంత్రం మ్యాప్, బైబిలు, ప్రశ్నలు. కుర్చీలు వరసల్లో కాకుండా గుండ్రంగా వేయండి, అడగడానికి ధైర్యం వస్తుంది. ఆదివారం ఉదయం ఒక్క మాట, ఒక్క పని.

మూడు రోజుల కూటాలు పెట్టే కమిటీలకూ ఇదే చెబుతాను. బయటి ఊరి నుంచి వచ్చే వక్తకు పగటి పూట ఉపన్యాసాలు ఇవ్వండి. ఆయనకు చదువు ఉంటుంది, మీ ఊరి సంగతులు తెలియవు. ఆదివారం ప్రసంగం మాత్రం మీ పాస్టర్ గారికే వదిలేయండి, ఆయన అంత వాగ్ధాటి ఉన్నవాడు కాకపోయినా సరే. సోమవారం నుంచి ఆ గుమ్మాల్లోకి వెళ్లి, ఆలాగు చేశారా అని అడిగే హక్కు ఉన్నది ఆయనకే.